రాత్రి గల్లా పెట్టె లెక్క తేలాలంటే: చిన్న దుకాణంలో చిల్లర ఖర్చుల పద్ధతి

మధ్యాహ్నం పన్నెండు గంటలకు బియ్యం బస్తాలు దిగుతాయి. హమాలీకి గల్లాలోంచి 120 రూపాయలు తీసి ఇస్తారు. కాసేపటికి టీ కుర్రవాడు వచ్చి నిన్నటివి కూడా కలిపి 60 తీసుకుపోతాడు. ట్యూబులైటు మాడిపోతే పనివాడిని పంపి కొత్తది తెప్పిస్తారు. స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడు చార్టు పేపరుకని ఇరవై అడుగుతాడు. వీటిలో దొంగతనం ఏదీ లేదు, దుబారా కూడా లేదు. కానీ రాత్రి షట్టరు దించే సమయానికి వీటిలో సగం ఎవరికీ గుర్తుండవు.

చిన్న దుకాణాల పద్దులు రాయడం నా పని. నెలాఖరులో కిరాణా వ్యాపారులు నా ముందు కూర్చుని చెప్పే మాట దాదాపు ఒకటే: "బేరం బాగానే ఉందండీ, డబ్బే కనపడటం లేదు." ఆ డబ్బు కనపడేలా చేయడానికి రెండు డబ్బాలు, ఒక చీటీల పుస్తకం, ఒక నోటుపుస్తకం, రాత్రి పావుగంట సమయం కావాలి. పద్ధతి చిన్నదే. అయితే అది ఎందుకు అలా ఉండాలో తెలియకపోతే పది రోజుల్లో చెడిపోతుంది. కాబట్టి ముందు ఆ కారణం చూద్దాం.

రాయని ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది

బిల్లింగు యంత్రం లేని దుకాణంలో అమ్మకాన్ని ఎలా లెక్కిస్తారు? రాత్రి గల్లాలో ఉన్నది లెక్కపెట్టి, పొద్దున పెట్టిన చిల్లర అందులోంచి తీసేసి, మిగిలినదాన్ని ఆ రోజు అమ్మకంగా రాసుకుంటారు. ఆ రోజు నిజంగా 9,000 రూపాయల సరుకు నగదుకు అమ్ముడైందనుకుందాం. రాయకుండా 600 ఖర్చయింది. పుస్తకంలో అమ్మకం 8,400 అని పడుతుంది. ఎక్కడా తరుగు కనపడదు, లెక్క చక్కగా సరిపోతుంది. పోయిన 600 అమ్మకంలోనే దాక్కుంది. ఇలా నెల రోజులు జరిగితే 18,000 రూపాయలు ఖర్చులోకి ఎక్కకుండానే వెళ్లిపోతాయి. యజమాని మాత్రం ఈ నెల బేరం తగ్గిందనుకుని, ఎదుటి వీధిలో కొత్తగా వెలిసిన దుకాణాన్ని తిట్టుకుంటాడు.

బిల్లింగు ఉన్న దుకాణంలో ఇదే 600 తరుగుగా బయటపడుతుంది, ఎందుకంటే అమ్మకం ఎంతో యంత్రం వేరుగా చెబుతుంది. అంటే గల్లాలో ఎంత ఉండాలో చెప్పే లెక్క ఒకటి, ఎంత ఉందో చెప్పే లెక్క ఇంకొకటి, వేర్వేరు చోట్ల నుంచి రావాలి. రెండూ ఒకే చోట పుడితే అవి ఎప్పుడూ సరిపోతూనే ఉంటాయి, మనకు ఏమీ చెప్పవు. బిల్లులు లేనివారికి అమ్మకం వైపు ఆ కాపలా ఉండదు గనుక ఖర్చు వైపు మరింత గట్టిగా ఉండాలి. బిల్లులు వేసేవారికి కూడా 600 తరుగు అని తెలిస్తే చాలదు కదా, అది ఎటు పోయిందో తెలియాలి.

అందుకే ఈ పద్ధతి మొత్తానికి ఒకే మూలసూత్రం: డబ్బు వచ్చే పెట్టెలోంచి ఖర్చుకు డబ్బు తీయకూడదు.

మొదటి వారం: రాయడమే, నియమం లేదు

తొందరపడి రేపటి నుంచే నియమాలు పెట్టవద్దు. గల్లా పక్కన దారం కట్టిన పెన్ను, ఒక నోటుపుస్తకం ఉంచండి. గల్లాలోంచి అమ్మకానికి సంబంధం లేకుండా ఏ డబ్బు తీసినా, అయిదు రూపాయలైనా, ఒక వరుసలో రాయమనండి: ఎవరు, ఎందుకు, ఎంత. ఆ ఏడు రోజులూ ఎవరినీ ఏమీ అనకూడదు. "టీకి ఇంతా?" అని ఒక్కసారి అన్నారంటే మర్నాటి నుంచి టీ ఖర్చు పుస్తకంలోంచి మాయమవుతుంది, దుకాణంలోంచి మాత్రం మాయం కాదు.

వారం చివర ఆ వరుసలను నాలుగు రకాలుగా విడదీయండి. దుకాణం చిల్లర ఖర్చు (హమాలీ, ఆటో, కవర్లు, టీ, మంచినీళ్ల క్యాను, చిన్న మరమ్మతు). సరుకుకు ఇచ్చిన డబ్బు. ఇంటికి తీసుకున్నది. పనివాళ్లకు ఇచ్చినది. నేను చూసినంతలో యజమానులను ఆశ్చర్యపరిచేది మూడోది. పనివాడి మీద అనుమానంతో లెక్క మొదలుపెట్టిన వ్యాపారికి పెద్ద పద్దు తన చేతిమీదుగానే కనపడటం చాలాసార్లు జరుగుతుంది.

మొదటి రకం ఒక్కటే చిల్లర డబ్బాకు సంబంధించినది. దాని వారం మొత్తం ఎంత వచ్చిందో చూసి, సగం అదనంగా కలిపి, దగ్గరలోని వందకో అయిదు వందలకో సరిచేయండి. వారానికి 1,340 అయితే సగం కలిపి 2,010. అంటే 2,000 పెట్టుకుంటే సరిపోతుంది. మరీ ఎక్కువ పెడితే డబ్బాలో డబ్బు ఊరికే కూర్చుంటుంది, చేతులు కూడా దురద పెడతాయి. మరీ తక్కువైతే బుధవారానికే అయిపోయి మళ్లీ గల్లాలో చెయ్యి పెడతారు.

రెండు పెట్టెలు

గల్లా పెట్టె గల్లా పెట్టెగానే ఉంటుంది. ప్రతి పొద్దునా దానిలో ఒకే మొత్తం చిల్లరతో మొదలుపెట్టాలి. మన ఉదాహరణలో అది కూడా 2,000 అనుకుందాం. రోజుకో మొత్తం పెడితే రాత్రి ఎంత తీసేయాలో గుర్తు తెచ్చుకోవడమే ఒక పని అవుతుంది.

రెండోది చిల్లర డబ్బా. తాళం ఉన్న చిన్న ఇనుప డబ్బా చాలు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. యజమాని భార్య మధ్యాహ్నం కొట్లో కూర్చుంటే ఆమె దగ్గరో, నమ్మకమైన గుమాస్తా ఉంటే ఆయన దగ్గరో పెట్టండి. ఇద్దరి దగ్గర చెవులుంటే తేడా వచ్చినప్పుడు ఇద్దరూ ఎదుటివారి వైపు చూస్తారు. డబ్బాలో 2,000 పెట్టారంటే ఇక ఎప్పుడు తెరిచినా ఒక్కటే లెక్క నిలవాలి: లోపలున్న డబ్బు, లోపలున్న చీటీల మొత్తం కలిపితే 2,000. ఉదయం పది గంటలకైనా, పండగ రద్దీలో అయినా అంతే. పరీక్షించడానికి పుస్తకం తిరగేయాల్సిన పని లేదు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. దీని అందమంతా అక్కడే ఉంది.

ఈ డబ్బాలో అమ్మకం డబ్బు పడకూడదు. గల్లాలో చిల్లర అయిపోయిందని ఇక్కడి నుంచి పదుల కట్ట తీసి అక్కడ వేయడం కూడా మొదట్లోనే మానేయండి. నోటుకు నోటు మార్చుకుంటే లెక్క చెడదు కానీ, రద్దీలో "తర్వాత వేద్దాం" అనుకున్న నోటు తిరిగి రాదు.

చీటీ లేనిదే డబ్బు బయటికి రాదు

స్టేషనరీ దుకాణంలో వోచర్ పుస్తకం దొరుకుతుంది. వరుస నంబర్లు ముందే అచ్చయి ఉన్నది తీసుకోండి, లేకపోతే కొన్న రోజే కూర్చుని ప్రతి కాగితం మీదా నంబరు వేసుకోండి. ఈ నంబరే పుస్తకానికి వెన్నెముక. విడి కాగితాల మీద రాసిన చీటీ చించిపారేస్తే ఎవరికీ తెలియదు. నంబరున్న పుస్తకంలో 41 తర్వాత 43 కనపడితే 42 ఎక్కడని అడగవచ్చు. తప్పు రాసిన చీటీని చించకుండా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి.

చీటీ మీద అయిదు సంగతులు చాలు: తేదీ, ఎవరికి, ఎందుకు, ఎంత, డబ్బు తీసుకున్నవారి సంతకం. "ఎందుకు" అన్నచోట "ఖర్చులు" అని రాయడం రాయకపోవడంతో సమానం. "3 బస్తాల బియ్యం దించిన కూలీ" అని ఉంటే, వచ్చే నెల రేటు పెరిగిందో లేదో కూడా దాన్నుంచే తెలుస్తుంది. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. 60ని 160 చేయడానికి ఒక్క గీత చాలు, "అరవై"ని "నూట అరవై" చేయడం కష్టం.

బిల్లు ఇచ్చే చోటు నుంచి బిల్లు తెచ్చి చీటీకి పిన్ను కొట్టండి. హమాలీ, ఆటోవాడు, టీ కొట్టువాడు బిల్లు ఇవ్వరు. వాళ్ల విషయంలో మన చీటీయే ఆధారం, డబ్బు పట్టుకెళ్లి ఇచ్చిన మన పనివాడు సంతకం పెట్టాలి. పనివాడి చేతికి ముందే వంద ఇచ్చి బల్బు తెమ్మని పంపితే, ఇచ్చిన వందకు అప్పుడే పెన్సిల్‌తో చీటీ రాసి డబ్బాలో వేయండి. వాడు బల్బు, బిల్లు, మిగిలిన చిల్లర తెచ్చాక అసలు మొత్తం పెన్నుతో రాయవచ్చు. తిరిగి రావలసిన చిల్లరే అన్నిటికంటే తేలికగా జారిపోయేది.

ఒక్కో ఖర్చుకు హద్దు కూడా పెట్టండి. మన దుకాణానికి 300 అనుకుందాం. అంతకు మించినది ఏదైనా యజమానే తన చేత్తో ఇవ్వాలి, వీలైతే ఫోను ద్వారా. అయితే 500 ఖర్చును 250 చొప్పున రెండు చీటీలు చేసే తెలివి ప్రతి కొట్టులోనూ ఎవరో ఒకరికి ఉంటుంది. ఒకే రోజు, ఒకే మనిషికి రెండు చీటీలు కనపడితే ఆ తెలివి పనిచేస్తోందని అనుకోవచ్చు.

డబ్బాలోంచి రాకూడనివి

పాలు, బ్రెడ్డు, గుడ్లు తెచ్చే బండివాళ్లకు ఇచ్చేది సరుకు డబ్బు. అది చిల్లర ఖర్చులో కలిస్తే ఖర్చు కొండంత కనిపిస్తుంది, కొనుగోలు తక్కువగా కనిపిస్తుంది, లాభం లెక్క రెండు వైపులా చెడుతుంది. ఆ డబ్బు గల్లాలోంచే ఇవ్వక తప్పని దుకాణాలు ఎక్కువే. మూలసూత్రానికి అదొక్కటే మినహాయింపనుకోండి: ఇచ్చినప్పుడు వాళ్ల బిల్లు గల్లాలోనే వేయాలి, గల్లా పక్కనున్న నోటుపుస్తకంలో ఒక వరుస రాయాలి. మొదటి వారం వాడిన పుస్తకమే ఇక నుంచి గల్లా పుస్తకం. అమ్మకం కాకుండా గల్లాలోకి వచ్చిందీ, గల్లాలోంచి పోయిందీ ఏదైనా అందులోకి ఎక్కాలి.

ఇంటి ఖర్చు విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువ. "మన డబ్బే కదా, మనమెందుకు రాయాలి?" అంటారు. మీ డబ్బే, కాదన్నది ఎవరు? కానీ రాయకపోతే అది దుకాణం నష్టంగా కనిపిస్తుంది. రోజూ కూరగాయలకనీ పెట్రోలుకనీ తీయకుండా, సోమవారం ఒక్కసారి వారానికి సరిపడా తీసి ఒక్క వరుస రాయడం నయం. అది ఖర్చు కాదు, యజమాని సొంత వాడకం. దానికి వేరే గడి ఉండాలి. యజమాని రాయని కొట్టులో పనివాడు రాయడు, ఎంత చెప్పినా అంతే.

పనివాళ్ల అడ్వాన్సులు జీతం పుస్తకంలోకి వెళ్లాలి. డబ్బాలో డబ్బుకు బదులు "రేపు వేస్తాను" అని రాసిన చీటీ ఎప్పుడూ ఉండకూడదు, ఎవరిదైనా సరే. వినాయక చవితి వస్తే మూడు వీధుల కుర్రాళ్లు రశీదు పుస్తకాలతో దిగుతారు. కౌంటరులో ఎవరుంటే వాళ్లు మొహమాటపడి ఇచ్చేస్తారు. ఏడాదికి చందాలకు ఇంత అని ముందే అనుకుని, ఇచ్చే పని యజమానికే వదిలేస్తే కౌంటరులో ఉన్నవారికి "ఆయన వచ్చాక రండి" అనే మాటైనా ఉంటుంది.

రాత్రి లెక్క

షట్టరు సగం దించాక, చివరి బిల్లు వేశాక మొదలుపెట్టండి. లెక్కపెట్టేవారు అప్పటికి ఆ రోజు అమ్మకం మొత్తం చూసి ఉండకూడదు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ, ఎంత రావాలో తెలిసినవాడు ఆ అంకె వచ్చేవరకు లెక్కపెడతాడు, రాగానే ఆపేస్తాడు. ఒకరు లెక్కపెట్టి కాగితం మీద రాసి కింద సంతకం పెట్టాక, రెండోవారు బిల్లింగు మొత్తం తీయాలి. ఇద్దరు లేని కొట్టులో ఒక్కరే చేయాల్సి వస్తే కనీసం ఆ క్రమమైనా పాటించాలి.

నోట్లను 500 నుంచి 10 వరకు రకాలుగా విడదీసి, ఒక్కో రకం ఎన్ని ఉన్నాయో రాయండి. మొత్తం ఒక్కటే రాస్తే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత పట్టుకోలేరు. చిరిగిన నోట్లను కూడా లెక్కలోనే ఉంచి పక్కన పెట్టండి, బ్యాంకులో మార్చుకోవచ్చు. పది రూపాయల నాణేలు చెల్లవన్న పుకారు మన ఊళ్లలో ఇంకా చావలేదు. అవి చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ఎన్నోసార్లు చెప్పింది. కాబట్టి వాటిని సొరుగు మూలకు తోసేయకుండా లెక్కలో వేయండి.

కౌంటరులో మనుషులు మారే కొట్టయితే మధ్యాహ్నం మారేటప్పుడు కూడా ఒక లెక్క ఉండాలి. నాణేల జోలికి పోకుండా నోట్లు మాత్రం లెక్కపెట్టి, అప్పటికి బిల్లింగు ఎంతయిందో పక్కన రాసుకుంటే చాలు. రాత్రి తేడా వస్తే అది భోజనానికి ముందుదో తర్వాతదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అనుమానం ఒకరి మీద నుంచి పూర్తిగా తొలగిపోతుంది కూడా.

ఒక మంగళవారం

బిల్లింగు ఉన్న ఒక కిరాణా కొట్టు. యజమాని, ఆయన భార్య, ఇద్దరు పనివాళ్లు. అంకెలు నేను అల్లినవే, సంఘటనలు మాత్రం నిత్యం చూసేవే.

ఆ రోజు బిల్లుల మొత్తం 18,640. అందులో ఫోను ద్వారా కట్టినవి 7,915. ఖాతాదారులు అరువు తీసుకున్నది 1,260. ఈ రెండూ గల్లాలోకి రావు. కాబట్టి నగదు అమ్మకం 9,465.

గల్లా పుస్తకంలో నాలుగు వరుసలున్నాయి. పాత బాకీ కింద ఒకాయన ఇచ్చినది 800. ఇది గల్లాలోకి వచ్చింది కానీ ఈ రోజు అమ్మకం కాదు. బ్రెడ్డు, పాల బండికి ఇచ్చినది 2,350, బిల్లు ఉంది. ఇంటికి 500. నాలుగోది ఈ మధ్య బాగా పెరిగిన అలవాటు: ఒకాయన ఫోనులో 500 వేసి నోటు పట్టుకెళ్లాడు. డబ్బు ఎక్కడికీ పోలేదు, గల్లాలోంచి బ్యాంకు ఖాతాలోకి మారింది. కానీ రాయకపోతే రాత్రికి 500 తరుగు కనపడి అందరి గుండెలూ జారతాయి.

```
పొద్దున చిల్లర            2,000
నగదు అమ్మకం          + 9,465
పాత బాకీ వసూలు        +   800
సరుకు బండికి           - 2,350
ఇంటికి                 -   500
ఫోను మార్పిడి           -   500
ఉండవలసినది             8,915
```

లెక్కపెడితే 500 నోట్లు 9, 200 నోట్లు 6, 100 నోట్లు 19, 50 నోట్లు 8, 20 నోట్లు 13, 10 నోట్లు 25, నాణేలు 225 రూపాయలు. మొత్తం 8,735. అంటే 180 తరుగు.

తరుగు రాగానే చేయవలసిన మొదటి పని మళ్లీ లెక్కపెట్టడం, అదీ వేరొకరు. ఇక్కడ మళ్లీ అంతే వచ్చింది. రెండోది, 180 తొమ్మిదితో భాగించబడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారుగా రాస్తే (420 బదులు 240 అన్నట్టు) వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. అందుకని గల్లా పుస్తకంలోని వరుసలను బిల్లులతో పోల్చారు. అన్నీ సరిగానే ఉన్నాయి. మూడోది, 180లో సగం 90. 90 రూపాయల పద్దు దేన్నయినా కలపవలసినచోట తీసేసినా, తీయవలసినచోట కలిపినా ఇంతే తేడా వస్తుంది. అలాంటి పద్దు లేదు.

తర్వాత చిల్లర డబ్బా తెరిచారు. చీటీలు: హమాలీ 120, ఆటో 150, కవర్లు 280, టీ 60, బల్బు 110. మొత్తం 720. డబ్బు 1,280. కలిపితే 2,000, సరిగ్గా ఉంది. అంటే తేడా గల్లాలోదే.

అప్పుడు అడగవలసిన ప్రశ్న "ఎవరు తీశారు?" కాదు. "ఈ రోజు డబ్బాకు తాళం వేసి ఉన్నప్పుడు ఏమైనా దిగిందా?" అని అడిగారు. పనివాడికి గుర్తొచ్చింది. తాళంచెవి ఉన్న ఆమె భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు నూనె డబ్బాలు వేసుకుని ఆటో వచ్చింది. ఆటోవాడు తొందర పెడుతుంటే పనివాడే గల్లాలోంచి 180 ఇచ్చి పంపేశాడు. నూనె బిల్లు మీద సమయం చూస్తే సరిపోయింది.

అప్పుడే చీటీ రాయించి, చిల్లర డబ్బాలోంచి 180 తీసి గల్లాలో వేశారు. గల్లా 8,915 అయింది. డబ్బాలో డబ్బు 1,100, చీటీలు 900. రెండూ నిలిచాయి. రేపటికి చిన్న నోట్లుగా 2,000 గల్లాలో ఉంచి 6,915 బ్యాంకుకు తీసిపెట్టారు. చివరగా ఫోనులో వచ్చిన మొత్తం చూశారు: అమ్మకం 7,915, మార్పిడి 500 కలిపి 8,415 ఉండాలి, ఉంది. ఇది కూడా రోజూ చూడాలి. "పంపించానండీ" అని తెర చూపించి వెళ్లిన డబ్బు కొన్నిసార్లు రానే రాదు. అర్ధరాత్రి వరకు తెరిచి ఉండే కొట్లలో ఫోను లెక్క పన్నెండుకు తెగిపోతుంది గనుక, మీ రోజు ఏ సమయానికి ముగుస్తుందో దానిప్రకారమే బిల్లింగూ ఫోనూ రెండూ చూడాలి.

తేడా ఏం చెబుతుంది

కొన్నాళ్లు చూస్తే తేడాల ముఖాలు గుర్తుపట్టడం వస్తుంది. సరిగ్గా 400 తరుగైతే, ఎవరో ఇచ్చిన వందను అయిదు వందలనుకుని చిల్లర ఇచ్చి ఉంటారు. 300 అయితే రెండు వందల నోటు అయిదు వందల నోటైంది. సరిగ్గా 500 అయితే రాయని ఫోను మార్పిడి కావచ్చు, ఫోనులో ఎక్కువ వచ్చిందేమో చూస్తే తేలుతుంది. పెద్ద బిల్లుకు సరిపోయే విడి అంకె, 347 లాంటిది, అయితే అరువుకో ఫోనుకో ఇచ్చిన సరుకును నగదు బిల్లుగా వేసి ఉంటారు.

ఎక్కువ వచ్చినా సంతోషించవద్దు. బిల్లు వేయకుండా సరుకు వెళ్లి ఉండవచ్చు, లేదా ఎవరికో చిల్లర తక్కువ ఇచ్చి ఉంటారు. రేపు వాళ్లు వచ్చి అడిగితే ఇవ్వడానికి ఆ డబ్బు విడిగా ఉండాలి. ఈ రోజు ఎక్కువను నిన్నటి తక్కువతో సరిపెడితే రెండు తప్పులూ కలిసి మాయమవుతాయి. రూపాయి చిల్లరకు బదులు చాక్లెట్టు ఇచ్చే కొట్లలో గల్లాలో రోజూ కొద్దిగా ఎక్కువ వస్తుంది, చాక్లెట్ల సీసా అంతకంటే వేగంగా ఖాళీ అవుతుంది.

అయిదు, పది రూపాయల తేడా ఏ కొట్టులోనైనా వస్తుంది. తరుగనో ఎక్కువనో రాసి వదిలేయండి, రోజూ రాస్తూ ఉండటమే ముఖ్యం. నన్ను కంగారుపెట్టేది నెల పొడవునా ఒక్క రూపాయి తేడా కూడా లేని పుస్తకం. చేత్తో చిల్లర ఇచ్చే కొట్టులో అది సాధ్యం కాదు. ఎవరో జేబులోంచి వేసి సరిపెడుతున్నారు, లేదా ఎక్కువ వచ్చిన రోజున తీసి దాచుకుంటున్నారు. ఈ అలవాటుకు కారణం తరచూ యజమానే. తరుగును జీతంలోంచి కోసే చోట ఎవరూ తరుగు చూపించరు.

అలాగని అన్నీ మరిచిపోమని కాదు. వారం వారీగా తేడాలు ఎవరు కౌంటరులో ఉన్న రోజున వస్తున్నాయో ఒక నెల చూడండి. ఒకే మనిషి ఉన్న రోజుల్లో, ఎప్పుడూ తరుగే, ఎప్పుడూ గుండ్రటి అంకెలే అయితే అది చిల్లర పొరపాటు కాదు. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువగా ఊగుతుంటే మాత్రం అది చేతి పొరపాటే.

శనివారం డబ్బా నింపడం

వారానికోసారి, లేదా డబ్బు అయిదు వందలకు దిగినప్పుడు, చీటీలన్నీ బయటికి తీసి వరుస నంబర్లు చూసి కూడండి. మొత్తం 1,430 అయితే డబ్బాలో ఉండవలసినది 570. లెక్కపెట్టి అంతే ఉంటే, యజమాని సరిగ్గా 1,430 వేస్తాడు, డబ్బా మళ్లీ 2,000 అవుతుంది. 1,500 అయితే గుండ్రంగా ఉంటుంది కదా అని వేయకండి. ఒక్కసారి గుండ్రంగా వేస్తే ఆ 2,000 అనే కొలబద్ద విరిగిపోయినట్టే.

నింపిన వెంటనే ప్రతి చీటీ మీదా అడ్డంగా గీత గీసి తేదీ వేయండి. లేకపోతే అదే ఆటో చీటీ వచ్చే వారం మళ్లీ డబ్బాలో ప్రత్యక్షం కావచ్చు. అప్పుడు వాటిని పద్దులవారీగా విడదీసి చిట్టాలో ఎక్కించాలి: కూలీ, కిరాయి ఒకటి, ప్యాకింగు ఒకటి, టీ, నీళ్లు ఒకటి, మరమ్మతు ఒకటి. "ఇతరములు" అనే గడి లేకుండా ఎవరికీ జరగదు, కానీ అది మొత్తంలో పదో వంతు దాటితే అందులో ఏదో కొత్త ఖర్చు పేరు లేకుండా పెరుగుతోందన్న మాట. నాలుగు వారాల చీటీలు పక్కపక్కన పెట్టుకుంటే, కవర్లను విడివిడిగా కొనే బదులు ఒక్కసారి కట్టగా కొంటే ఎంత మిగులుతుందో లాంటివి కూడా కనపడతాయి. వారాల చీటీలను కట్ట కట్టి, మీ పన్ను లెక్కలు చూసేవారు ఎన్నాళ్లు ఉంచమంటే అన్నాళ్లు ఉంచండి. ఒకే మనిషికి ఒకే రోజు నగదుగా పదివేలకు మించి ఇచ్చిన ఖర్చును, సరుకు రవాణాదారులైతే ముప్పై అయిదు వేలకు మించినదాన్ని, ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా ఖర్చుగా ఒప్పుకోరు. చిల్లర డబ్బాకు అంత దూరం ఎప్పుడూ రాదు, కానీ గల్లాలోంచి సరుకు బండ్లకు ఇచ్చేవారు గుర్తుంచుకోవాలి.

ఈ లెక్కకు దొరకనివి

బిల్లే వేయకుండా సరుకు ఇచ్చి డబ్బు జేబులో వేసుకుంటే గల్లా లెక్క సరిగ్గా సరిపోతుంది. అమ్మకం నమోదు కాలేదు, డబ్బు గల్లాలో పడలేదు, రెండు వైపులా ఏమీ లేదు. దీన్ని నోట్లు లెక్కపెట్టి పట్టుకోలేరు, సరుకు లెక్కపెట్టే పట్టుకోవాలి. కొట్టంతా అక్కర్లేదు. తేలికగా జేబులో పట్టేవి, ఖరీదైనవి అయిదు రకాలు ఎంచుకోండి: సిగరెట్లు, నెయ్యి సీసాలు, జీడిపప్పు ప్యాకెట్లు లాంటివి. వారం మొదట్లో ఉన్నది, మధ్యలో వచ్చినది కలిపి, చివర మిగిలినది తీసేస్తే అమ్ముడైనది వస్తుంది. బిల్లుల్లో అంత కనపడాలి. బిల్లింగు లేని కొట్టులో కూడా ఈ అయిదింటికి మాత్రం చేతితో బిల్లు రాస్తే కొంత కాపలా దొరుకుతుంది.

చీటీలో రాసిన ఖర్చు నిజమైనదేనా అన్నదీ డబ్బా చెప్పదు. 120 ఇచ్చి 150 రాస్తే లెక్క నిలుస్తుంది. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. నెలలో రెండు మూడు చీటీలు తీసుకుని, బస్తాలు దించుకుంటున్నప్పుడు ఆ హమాలీనే పక్కకు పిలిచి, "ఈ మధ్య బస్తాకు ఎంత తీసుకుంటున్నావయ్యా?" అని మామూలుగా అడగడం.